రెజ్యూమె చివర రిఫరెన్సులు: పేర్లు రాయాలా, ‘అడిగితే ఇస్తాం’ అనాలా?

రెజ్యూమె అంతా టైపు చేయడం అయిపోయాక, డిక్లరేషన్‌కి కాస్త పైన ఒక చోటు మిగులుతుంది. కొందరు అక్కడ ఇద్దరు ముగ్గురు తెలిసినవాళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు రాస్తారు. ఎక్కువమంది ‘రిఫరెన్సెస్ అవైలబుల్ ఆన్ రిక్వెస్ట్’ అని ఒక్క లైను పెట్టి ఊరుకుంటారు. నిజానికి ఆ లైను చాలామంది ఆలోచించి రాసింది కాదు. బెజవాడ గవర్నర్‌పేటలోనైనా, గుంటూరు బ్రాడీపేటలోనైనా నెట్ సెంటరుకి వెళితే, కంప్యూటర్లో ఎప్పటినుంచో ఉన్న ఫైల్ తెరిచి, పేరు, చదువు, ఫోన్ నంబరు మార్చి ప్రింటు తీసి ఇస్తారు. ఆ లైను ఆ ఫైల్లోదే. ఇదే పద్ధతిలో ఇంకో ప్రమాదం కూడా ఉంది. పాత ఫైల్లో ఎవరివో రిఫరెన్స్ పేర్లు ఉంటే, అవి అలాగే కొత్త మనిషి రెజ్యూమెలోకి వచ్చేస్తాయి. ప్రింటు తీసుకునే ముందు చివరి అరపేజీ చదవకపోతే ముక్కూ మొహం తెలియని మనిషి మీకు సాక్షి అయిపోతాడు.

ముందుగా తీర్పు చెప్పేస్తే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది. ‘అడిగితే ఇస్తాం’ అనే లైను ఎక్కడా అక్కర్లేదు. పేర్ల సెక్షన్ కొన్ని చోట్ల మాత్రం పనికొస్తుంది, అక్కడ బాగా పనికొస్తుంది. మిగిలిన చోట్లన్నిటికీ మూడో దారి ఉంది. రెజ్యూమెలో రిఫరెన్సుల ఊసే ఎత్తకుండా, వాటిని విడిగా ఒక పేజీలో సిద్ధం చేసుకుని దగ్గర ఉంచుకోవడం. ఎవరు ఎప్పుడు ఏ దారి పట్టాలన్నదే ఇక్కడ అసలు విషయం. అందుకోసం గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల చిన్న ఆఫీసుల్లో, కంపెనీల్లో పనిచేసి ఉద్యోగం మారాలనుకునే అకౌంటెంటు లాంటి మనిషిని దృష్టిలో పెట్టుకుందాం. రిఫరెన్స్ మాట ఎక్కువ బరువు తూగేది అలాంటివాళ్ళ విషయంలోనే.

ఒక మాటకి మూడు అర్థాలు

మన దగ్గర ‘రిఫరెన్స్ ఉందా?’ అని అడిగితే మూడు రకాలుగా అర్థం చేసుకుంటారు. మొదటిది సిఫారసు, అంటే ఓనరు గారికి తెలిసిన పెద్దాయన ఎవరైనా ఒక మాట చెప్పడం. రెండోది రిఫరల్, అంటే ఆ కంపెనీలో ఇప్పటికే పనిచేస్తున్న మనిషి మీ రెజ్యూమెను లోపలికి పంపడం. రెజ్యూమె చివర రాసే రిఫరెన్స్ ఈ రెండూ కాదు. మీ పని దగ్గరుండి చూసి, ఎవరైనా ఫోన్ చేసి అడిగితే జరిగింది జరిగినట్టు చెప్పగల మనిషి మూడో అర్థం.

ఈ తేడా తెలియకపోతే పేర్ల ఎంపికే తప్పుతుంది. సిఫారసు అనుకున్నవాళ్ళు వార్డు కార్పొరేటర్ పేరో, రిటైరైన అధికారి పేరో రాస్తారు. ఆయనకి ఫోన్ చేసి ‘ఈ అబ్బాయి నెలాఖరు లెక్కలు ఎలా ముగించేవాడు?’ అని అడిగితే ‘మంచి కుర్రాడండీ, మా వీధిలోనే ఉంటారు’ అన్న జవాబు వస్తుంది. అడిగిన మనిషికి అది ఎందుకూ పనికిరాదు. పైగా పని చూసినవాళ్ళు ఒక్కరు కూడా దొరకలేదేమో అన్న అనుమానం వస్తుంది. బంధువుల సంగతీ అంతే. ఇంటిపేరు కలిస్తే చాలు, చుట్టమేనా అని అడుగుతారు. నిజంగా చుట్టం కాకపోయినా ఇంటిపేరు ఒకటే అయితే, ఆ పేరు పక్కన ‘పాత ఆఫీసులో మేనేజరు, బంధుత్వం లేదు’ అని రాసేయడం మంచిది.

సర్కారీ కాగితాల్లో కనిపించే రిఫరెన్సులు మరో దారి. పాస్‌పోర్టు దరఖాస్తులో ఇద్దరి పేర్లు, చిరునామాలు అడుగుతారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగానికి ఎంపికయ్యాక నింపే అటెస్టేషన్ ఫారంలోనూ మిమ్మల్ని ఎరిగిన ఇద్దరి పేర్లు అడుగుతారు. అక్కడ కావలసింది మీరెవరో, ఎక్కడుంటారో తెలిసిన ఊరివాళ్ళు. పనితనం గురించి చెప్పేవాళ్ళు కాదు. ఈ జాబితానూ, ఉద్యోగానికి ఇచ్చే జాబితానూ ఒకదాని బదులు ఒకటి వాడకూడదు.

ఆ ఒక్క లైను వల్ల ఏం జరుగుతుంది

దానివల్ల పెద్ద నష్టమేమీ లేదనిపిస్తుంది. కానీ లాభం అసలే లేదు. రిఫరెన్సులు కావాలంటే అడగవచ్చని కంపెనీకి ముందే తెలుసు. మీరు రాశారని అడగరు, రాయలేదని మానరు. ఒక పేజీలో సర్దాలని తంటాలు పడేవాళ్ళకి హెడ్డింగు, లైను, మధ్య ఖాళీ కలిపి మూడు వరుసలు పోతాయి. ఆ మూడు వరుసల్లో ఏ సాఫ్ట్‌వేర్‌లో ఏ పని చేశారో చెప్పే ఒక మంచి వాక్యం పడుతుంది.

అసలు ఇబ్బంది మరొకటి ఉంది. ఆ లైను ఒక మాట ఇవ్వడం. ‘అడగండి, ఇస్తాను’ అని రాసిన మనిషిని ఇంటర్వ్యూ అయిన సాయంత్రం నిజంగానే అడుగుతారు. అప్పటికి అతని దగ్గర పేర్లు ఉండవు. పాత బాసు నంబరు మారిపోయి ఉంటుంది. ఆయనతో మాట్లాడి రెండేళ్ళయి ఉంటుంది, ఇప్పుడు ఉన్నట్టుండి ఫోన్ చేయడానికి మొహమాటం. అలా మూడు రోజులు గడుస్తాయి. అవతల ఇంకో అభ్యర్థి అదే రోజు రాత్రికి పంపేసి ఉంటాడు. లైను రాయడంతో పని అయిపోయిందన్న భ్రమ కలుగుతుంది, పేజీ సిద్ధం చేసుకోవడం పక్కకి పోతుంది. ఆ లైను మీద మాకున్న అభ్యంతరంలో ముఖ్యమైనది ఇదే.

పేర్లు రాస్తే అయ్యే ఖర్చు

ముగ్గురి వివరాలు రాయాలంటే ఒక్కొక్కరికి నాలుగు వరుసలు వేసుకోండి. మధ్య ఖాళీలు, హెడ్డింగు కలిపితే పదిహేను వరుసలు. సాధారణ అక్షరాల సైజులో ఏ4 పేజీకి నలభై అయిదు నుంచి యాభై వరుసలు పడతాయి కాబట్టి, పేజీలో దాదాపు మూడోవంతు మీది కాని సమాచారానికి పోయినట్టు.

అంతకన్నా పెద్ద ఖర్చు ఆ నంబర్లది. రెజ్యూమె మీ చేతిలోంచి వెళ్ళాక ఎక్కడెక్కడ తిరుగుతుందో మీకు తెలియదు. జాబ్ పోర్టల్లో పెడితే డబ్బు కట్టిన ప్రతి కన్సల్టెన్సీకీ కనబడుతుంది. ఒక కన్సల్టెన్సీ నుంచి ఇంకోదానికి వాట్సాప్‌లో వెళుతుంది. ‘అకౌంట్స్ మేనేజర్’ అన్న హోదా పక్కన మొబైల్ నంబరు కనిపిస్తే, రిక్రూటరుకి అది ఇంకో అభ్యర్థి నంబరే. మీ మేలుకోరి పేరు ఇచ్చిన ఆయనకి ఉద్యోగాల ఫోన్లు, ఇన్సూరెన్స్ ఫోన్లు మొదలవుతాయి. నాలుగోసారి తెలియని నంబరు వచ్చేసరికి ఎత్తడం మానేస్తారు. ఆ నాలుగోదే మీ కొత్త కంపెనీ ఫోన్ కావచ్చు.

పోర్టల్లో పెట్టే రెజ్యూమెను ముందు సాఫ్ట్‌వేర్ చదువుతుంది. పేరు, నంబరు, ఈమెయిల్ ఏరి దాని గళ్ళలో వేసుకుంటుంది. ఒకే కాగితంలో మూడు నాలుగు ఈమెయిళ్ళు, ఫోన్ నంబర్లు ఉంటే, ముఖ్యంగా రెండు కాలమ్‌ల డిజైన్‌లో, అది తికమకపడి మీ నంబరు గడిలో మీ పాత బాసు నంబరు వేసే అవకాశం ఉంది. అప్పుడు ఇంటర్వ్యూ కబురు ఆయనకి పోతుంది. మీ ఫైల్ ఎలా చదువుతుందో కొంతవరకు ఇంట్లోనే చూసుకోవచ్చు. పీడీఎఫ్ తెరిచి మొత్తం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. మీ ఫోన్ నంబరు కంటే పైన ఇంకెవరి నంబరైనా వచ్చిందంటే ఆ డిజైన్‌ని వదిలేయాల్సిందే.

అన్నిటికంటే ఇబ్బందికరమైనది, ఇప్పుడు పనిచేస్తున్న చోటి ఓనరు పేరు రాయడం. ‘అడగకుండా ఫోన్ చేయరులే’ అనుకుంటారు. పెద్ద కంపెనీలు చాలావరకు చేయవు. చిన్న సంస్థల ఓనర్లు చేస్తారు. గుంటూరు మిర్చి యార్డు చుట్టూ ఉన్న కమీషన్ కొట్లు, కోల్డ్ స్టోరేజీలు, ఎగుమతి ఆఫీసులవాళ్ళు రోజూ ఒకరితో ఒకరు వ్యాపారం చేసేవాళ్ళే. విజయవాడ వన్‌టౌన్ హోల్‌సేల్ కొట్లలోనూ అంతే. పొద్దున మీరు రెజ్యూమె ఇస్తే సాయంత్రానికి మీ ఓనరు గారికి సంగతి తెలుస్తుంది. కొత్త ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, పాత చోట మాత్రం ‘వెళ్ళిపోయే మనిషి’ అన్న ముద్ర పడిపోతుంది. రావలసిన బకాయి జీతం, రిలీవింగ్ లెటర్ రెండూ ఆయన చేతిలోనే ఉన్నాయని మరవకూడదు.

అయినా పేర్లు ఎక్కడ రాయాలి

ఇంత చెప్పాక కూడా, కొన్ని చోట్ల పేర్లు రాయకపోతే నష్టపోతారు. దానికి కారణం వెరిఫికేషన్ ఎలా జరుగుతుందన్న దాంట్లో ఉంది.

పెద్ద కంపెనీలు మనిషిని తీసుకునేటప్పుడు రెండు వేరువేరు పనులు చేస్తాయి. ఒకటి బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్. చదువు సర్టిఫికెట్లు, పాత ఉద్యోగం తేదీలు, చిరునామా సరిచూడటం. దీన్ని సాధారణంగా బయటి ఏజెన్సీకి అప్పగిస్తారు, మీ దగ్గర అంగీకార పత్రం తీసుకుంటారు. పాత ఉద్యోగం తేదీలకి పీఎఫ్ ఖాతా సర్వీస్ హిస్టరీ బలమైన రుజువు. పన్నెండు అంకెల యూఏఎన్ నంబరు కింద ఏ సంస్థలో ఎప్పుడు చేరారు, ఎప్పుడు మానేశారు అన్నది కనిపిస్తుంది. రెండో పని రిఫరెన్స్ చెక్. మీ పాత పైఅధికారితో మాట్లాడి మీరు ఎలా పనిచేశారో తెలుసుకోవడం.

ఇరవైమంది కంటే తక్కువ సిబ్బంది ఉన్న సంస్థలకి పీఎఫ్ చట్టం సాధారణంగా తప్పనిసరి కాదు. ఆడిటర్ గారి ఆఫీసు, మెడికల్ ఏజెన్సీ, ఆటోనగర్ వర్క్‌షాపు, మిర్చి కొట్టు, ఇలాంటి చోట్ల అయిదారుగురే ఉంటారు. పీఎఫ్ లేదు, చాలాసార్లు జీతం స్లిప్పు కూడా ఉండదు, కొంత డబ్బు చేతికే ఇస్తారు. అక్కడ నాలుగేళ్ళు చేసిన మనిషికి తన పనికి సాక్ష్యం కంప్యూటర్లో ఎక్కడా లేదు. ఆ నాలుగేళ్ళకీ ఒక మనిషి మాటే రుజువు. అందుకే ఐటీ కంపెనీలో చేసేవాడికి రిఫరెన్స్ ఒక లాంఛనమైతే, చిన్న ఆఫీసులో చేసేవాడికి అది అనుభవం ఉన్నట్టా లేనట్టా అన్నది తేల్చేస్తుంది.

కాబట్టి పేర్లు ఎప్పుడు రాయాలో తేల్చుకోవడానికి ఒక కొలత ఉంది. మీ రెజ్యూమె తెరిచి చదివే మనిషి, ఉద్యోగం ఇవ్వాలా వద్దా అని నిర్ణయించే మనిషి, ఫోన్ చేసి వాకబు చేసే మనిషి ముగ్గురూ ఒక్కరే అయితే పేర్లు రాయండి. ఓనరు స్వయంగా నడిపే సంస్థకి కాగితం చేతికి ఇచ్చేటప్పుడు జరిగేది అదే. డబ్బు, స్టాకు, తాళాలు అప్పగించాల్సిన ఉద్యోగాల్లో ఆయన మీ డిగ్రీ కంటే ముందు ‘ఇంతకుముందు ఎవరి దగ్గర చేశాడు’ అనే చూస్తారు. తనకి తెలిసిన ఆడిటర్ పేరు కనిపిస్తే అక్కడే ఫోన్ తీస్తారు. ఆ పేరు లేని కాగితం కట్టలో కిందికి పోతుంది. రెజ్యూమె చదివేది ఒకరు, నిర్ణయించేది ఇంకొకరు, వెరిఫై చేసేది మూడో ఊళ్ళో ఏజెన్సీ అయితే పేర్లు రాయకండి. సమయం వచ్చినప్పుడు వాళ్ళే అడుగుతారు.

నోటిఫికేషన్‌లోగానీ దరఖాస్తు ఫారంలోగానీ అడిగితే మాత్రం ఈ చర్చ అక్కర్లేదు, ఎన్ని అడిగితే అన్ని ఇవ్వాలి. ఐఐటీ, ఎన్‌ఐటీ లాంటి సంస్థల్లో ఫ్యాకల్టీ దరఖాస్తులకి రెఫరీల వివరాలు అడగడం మామూలే. అక్కడ పీహెచ్‌డీ గైడ్ పేరు లేకపోతే ఎందుకు లేదన్న ప్రశ్న వస్తుంది. క్యాంపస్ ప్లేస్‌మెంటుకి వెళ్ళే ఫ్రెషర్లకి రెజ్యూమెలో పేర్లు అవసరం లేదు. అడిగితే ప్రాజెక్ట్ గైడ్, హెచ్ఓడీ ఇద్దరూ చాలు, కాలేజీ ఈమెయిల్‌తో.

ఒకే మనిషి, మూడు దరఖాస్తులు

బీకాం చదివిన ఒక అకౌంటెంటుని తీసుకుందాం. గుంటూరు అరండల్‌పేటలో ఒక చార్టర్డ్ అకౌంటెంట్ ఆఫీసులో 2021 జూన్ నుంచి 2025 ఆగస్టు వరకు చేశాడు. క్లయింట్ల పుస్తకాలు ట్యాలీలో రాయడం, నెలనెలా జీఎస్టీ రిటర్నులు వేయడం అతని పని. తర్వాత ఊరి బయట ఒక కోల్డ్ స్టోరేజీలో చేరి, ఇప్పుడూ అక్కడే ఉన్నాడు. మంచి జీతం కోసం మూడు చోట్ల ప్రయత్నిస్తున్నాడు.

మొదటిది యార్డు దగ్గర ఒక మిర్చి ఎగుమతి సంస్థ. ఓనరు గారే చూస్తారు, కాగితం చేతికి ఇవ్వాలి. ఇక్కడ పేర్ల సెక్షన్ పెట్టాలి, ఇద్దరిది. మొదటి పేరు ఆడిటర్ గారు. రెండోది, ఆ ఆఫీసు తరఫున ఇతను లెక్కలు చూసిన ఒక స్పిన్నింగ్ మిల్లు అకౌంట్స్ మేనేజరు. ఆయన బయటి మనిషి, ఇతని పని ఫలితం చేతికి అందుకున్న మనిషి, కాబట్టి ఆ మాటకి బరువు ఎక్కువ. మూడో పేరుగా కాలేజీ కామర్స్ లెక్చరర్‌ని పెట్టాలనిపిస్తుంది గానీ, నాలుగేళ్ళకు పైగా ఉద్యోగం చేసినవాడికి అది అవసరం లేదు. కోల్డ్ స్టోరేజీ ఓనరు పేరు ఎట్టి పరిస్థితుల్లోనూ రాయకూడదు. ఇద్దరికీ కలిపి పది వరుసలు కావాలి. తండ్రి పేరు, మతం, వైవాహిక స్థితి, హాబీలు తీసేస్తే అందులో సగం దొరుకుతుంది. ఉద్యోగానికి వాటితో పనిలేదు కూడా.

రెండోది హైదరాబాద్‌లో ఒక పెద్ద కంపెనీ అకౌంట్స్ విభాగం, దరఖాస్తు పోర్టల్ ద్వారా. ఆ రెజ్యూమెలో పేర్లూ ఉండకూడదు, లైనూ ఉండకూడదు. అందుకని ఫైళ్ళు రెండు ఉంచుకోవాలి, ఒకటి పేర్లతో, ఒకటి పేర్లు లేకుండా. ఈ కంపెనీలో రెండో ఇంటర్వ్యూ అయ్యాకో, ఆఫర్ ఇచ్చాకో ఒక లింకు వస్తుంది. అందులో రిఫరెన్సుల పేరు, హోదా, సంస్థ, మీతో సంబంధం, ఎంతకాలం కలిసి పనిచేశారు, ఆఫీసు ఈమెయిల్ నింపాలి. ఇక్కడే మన చిన్న ఆఫీసుల చిక్కు వస్తుంది. ఆడిటర్ గారికి ఉన్నది జీమెయిల్ ఒక్కటే. సొంత వెబ్‌సైటు పేరుతో లేని ఈమెయిల్‌ని కొన్ని ఏజెన్సీలు ఒప్పుకోవు, ఎవరైనా తెరవగల ఖాతా కాబట్టి. దానికి ముందే చేసుకోవలసిన ఏర్పాటు ఒకటి ఉంది. మానేసేటప్పుడే లెటర్‌హెడ్ మీద అనుభవ పత్రం రాయించుకుని, సంతకం కింద సీలు, ఆయన మెంబర్‌షిప్ నంబరు ఉండేలా చూసుకోవాలి. ఆ నంబరు ఉంటే సంతకం పెట్టింది నిజంగా సీఏనా కాదా అన్నది ఏజెన్సీ తేల్చుకోగలదు. జీతం బ్యాంకులో పడి ఉంటే ఆ స్టేట్‌మెంట్ కూడా తోడు పెట్టాలి.

మూడోది విజయవాడ సూర్యారావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రి అకౌంట్స్ సెక్షన్. రెజ్యూమెతోపాటు వాళ్ళ సొంత దరఖాస్తు ఫారం నింపాలి. అందులో ఇద్దరు రిఫరెన్సుల గడులు, ప్రస్తుత యజమాని వివరాల గడి ఉన్నాయి. ఫారంలో ఇద్దరినీ రాయాలి, రెజ్యూమెలో మళ్ళీ రాయకూడదు. ప్రస్తుత యజమాని గడి ఖాళీగా వదిలితే ఏదో దాస్తున్నట్టు ఉంటుంది. సంస్థ పేరు, చేరిన తేదీ నిజంగా రాసి, పక్కనే ‘ఆఫర్ ఖాయమయ్యాకే దయచేసి సంప్రదించండి’ అని రాయాలి. ఫారం తీసుకునేవాళ్ళకి నోటితో కూడా చెప్పాలి. రాసింది ఎవరూ చదవకుండా ఫోన్ చేసే సందర్భాలు ఉంటాయి.

విడి పేజీలో ఏం ఉండాలి

పైన మీ పేరు, మీ నంబరు రెజ్యూమెలో ఉన్నట్టే ఉండాలి, విడిపోయినా ఎవరిదో తెలియడానికి. తర్వాత ఒక్కొక్కరి పేరు, హోదా, సంస్థ, ఊరు, ఫోన్, ఈమెయిల్. ఇంతవరకు అందరూ రాస్తారు. రాయనిది, అసలు కావలసినది, సంబంధం చెప్పే వాక్యం. ఇలా ఉంటే సరిపోతుంది: ‘2021 జూన్ నుంచి 2025 ఆగస్టు వరకు నా పనిని నేరుగా పర్యవేక్షించారు. జీఎస్టీ రిటర్నులు, స్పిన్నింగ్ మిల్లు ఖాతాల విషయంలో నా పని గురించి చెప్పగలరు.’ ఫోన్ చేసే మనిషికి ఏం అడగాలో దీనివల్ల తెలుస్తుంది. తనకి తెలియని విషయం మీద ఆడిటర్ గారు తడబడే పరిస్థితి రాదు. ఆయనకి ఏ వేళ ఫోన్ చేస్తే వీలవుతుందో కూడా ఒక ముక్క రాయవచ్చు.

ఈ పేజీని `References.pdf` అని కాకుండా మీ పేరు కలిపి సేవ్ చేయండి. అడిగిన రోజే పంపండి. ఇంటర్వ్యూకి రెండు ప్రింట్లు తీసుకెళ్ళండి, అడిగేదాకా బయటికి తీయకండి.

పేరు పెట్టే ముందు అడగడం

చెప్పకుండా పేరు పెట్టడం మన దగ్గర చాలా మామూలు. ‘సార్ ఏమీ అనుకోరు’ అనుకుంటారు. ఆయన ఏమీ అనుకోకపోవచ్చు, కానీ సిద్ధంగా ఉండరు. ‘ఎవరండీ? ఆ, మా దగ్గర చేశాడు, రెండు మూడేళ్ళు అనుకుంటా’ అంటారు. రెజ్యూమెలో నాలుగేళ్ళకు పైగా ఉంది. అవతలి మనిషి ఆ తేడాని రాసుకుంటాడు. ఆయన మరిచిపోయారని అనుకోడు, మీరు పెంచి రాశారనుకుంటాడు.

వీలైతే వెళ్ళి కలవండి, లేదా ఫోన్ చేయండి. ఒప్పుకున్నాక వాట్సాప్‌లో ఇలాంటి సందేశం పెట్టండి: ‘సార్, నమస్తే. ఫలానా ఎగుమతి సంస్థలో అకౌంటెంట్ ఉద్యోగానికి మీ పేరు రిఫరెన్స్‌గా ఇస్తున్నాను. మన ఆఫీసులో నేను చేసింది 2021 జూన్ నుంచి 2025 ఆగస్టు వరకు. జీఎస్టీ రిటర్నులు, మిల్లు ఖాతాలు చూసేవాడిని. వాళ్ళు ఈ వారంలో ఫోన్ చేయొచ్చు. నా రెజ్యూమె కింద పెడుతున్నాను సార్.’ తేదీలు, చేసిన పని ఆయన ఫోన్లోనే ఉంటే మాట్లాడేటప్పుడు చూసుకుంటారు. ఇందులో పొగడమని అడిగే మాట ఒక్కటీ లేదని గమనించండి. అడగకూడదు కూడా.

ఆయన జవాబు ఎలా ఉందో జాగ్రత్తగా వినాలి. ‘తప్పకుండా పెట్టవయ్యా, నంబరు ఇవ్వు’ అన్నది ఒప్పుకోలు. ‘సరే పెట్టుకో, చూద్దాంలే’ అన్నది కాదు. మన పెద్దవాళ్ళు మొహం మీద కాదనరు. ఆ ‘చూద్దాంలే’ వినిపిస్తే ఇంకో పేరు వెతుక్కోవాలి. మనసు లేని రిఫరెన్స్ ఫోన్లో పొడిపొడిగా మాట్లాడతారు, అది చెడు మాట కంటే తక్కువేమీ కాదు. పాత చోట గొడవపడి బయటికి వచ్చినవాళ్ళు ఓనరు బదులు అక్కడి సీనియర్ అకౌంటెంటునో, క్లయింటునో పెట్టుకోవచ్చు. కానీ సంబంధం ఉన్నది ఉన్నట్టు రాయాలి. సహోద్యోగిని మేనేజరు అని రాస్తే మొదటి ప్రశ్నకే బయటపడుతుంది.

సమయం కూడా చూసుకోవాలి. ఆడిటర్ల ఆఫీసులో నెలలో 11వ తేదీ జీఎస్టీఆర్-1కి, 20వ తేదీ జీఎస్టీఆర్-3బికి గడువు. ఆ తేదీలకి ముందు రెండు రోజులు వాళ్ళు ఎవరి ఫోనూ ఎత్తరు. సెప్టెంబరు నెలాఖరు ట్యాక్స్ ఆడిట్ రిపోర్టుల గడువైతే ఇంకా కష్టం. మీ దరఖాస్తు అప్పుడే నడుస్తుంటే కంపెనీవాళ్ళకి ఆ మాట ముందే చెప్పండి. రెండు రోజులు ఆగడానికి ఎవరూ కాదనరు. చెప్పకపోతే ‘మూడుసార్లు చేశాం, స్పందన లేదు’ అని రిపోర్టులో రాస్తారు.

ఫోన్ వచ్చినప్పుడు తప్పేవి

వెరిఫికేషన్ ఏజెన్సీలు తరచుగా వేరే ఊళ్ళనుంచి చేస్తాయి. ల్యాండ్‌లైన్ అయితే హైదరాబాద్ 040, బెంగళూరు 080, గురుగ్రామ్ 0124తో మొదలవుతుంది. ఈ నంబర్లు చూడగానే మనవాళ్ళు లోన్ ఫోన్ అనుకుని కట్ చేస్తారు. అందుకే ఏ ఊరినుంచి రావచ్చో రిఫరెన్సులకి ముందే చెప్పాలి. ఈమెయిల్ ద్వారా అడిగితే అది స్పామ్‌లో పడే అవకాశం ఎక్కువ. లింకులకి గడువు కూడా ఉండొచ్చు. లింకు పంపామని కంపెనీ చెప్పిన రోజే ఆయనకి ఫోన్ చేసి, స్పామ్ ఫోల్డరు ఒకసారి చూడమని అడగండి.

అడిగే ప్రశ్నలు దాదాపు అన్నిచోట్లా ఒకేలా ఉంటాయి. ఎప్పటినుంచి ఎప్పటివరకు చేశారు, హోదా ఏమిటి, ఏ పని చూసేవారు, ఎందుకు మానేశారు. చివర్లో ఒకటి అడుగుతారు, అవకాశం వస్తే మళ్ళీ తీసుకుంటారా అని. అడిగేవాళ్ళు జాగ్రత్తగా వినేది ఈ జవాబునే. దీనికి ‘తీసుకుంటానండీ’ అని వెంటనే రావాలి. ఎందుకు మానేశారన్న ప్రశ్నకి మీరు ఇంటర్వ్యూలో ‘జీతం కోసం’ అని, ఆయన ‘ఇంట్లో ఏదో ఇబ్బంది అన్నాడు’ అని చెబితే రెండూ నిజమైనా పొసగవు. రాజీనామా ఇచ్చేటప్పుడు ఆయనతో ఏ కారణం చెప్పారో అదే ఇంటర్వ్యూలోనూ చెప్పాలి.

ఇక మన అకౌంటెంటు సంగతి. మిర్చి ఎగుమతి సంస్థకి కాగితం ఇచ్చే ముందు రోజే ఆడిటర్ గారికి, మిల్లు మేనేజరు గారికి సందేశాలు పంపాలి. ఓనరు గారు కాగితం చూస్తూ చూస్తూనే ఫోన్ చేసే రకం కావచ్చు. హైదరాబాద్ కంపెనీ విషయంలో లింకు వచ్చాక మళ్ళీ ఒకసారి, ఆసుపత్రి విషయంలో ఫారం ఇచ్చిన రోజు ఇంకోసారి చెప్పాలి. ఉద్యోగం వచ్చినా రాకపోయినా ఇద్దరికీ ఫోన్ చేసి సంగతి చెప్పాలి. ఎక్కడైనా చేరితే, మిగతా రెండు చోట్లనుంచి వచ్చే ఫోన్లకి ఏం చెప్పాలో కూడా వాళ్ళకి తెలియాలి కదా.